రెండు నిమిషాల్లో ఏది ముందు చెప్పాలి? సైన్సు ప్రదర్శనలో వివరణకు మూడు వరుసలు

సైన్సు ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఒక బల్ల దగ్గరకు వచ్చినప్పుడు విద్యార్థికి రెండు నిమిషాల సమయం ఉందని చెబుతారు గాని, ఆ రెండు నిమిషాలూ విద్యార్థి చేతిలో ఉండవు. ఒకరు గోడకు అంటించిన చార్టు చదువుకుంటూ ఉంటారు, ఇంకొకరు గాజు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తారు, మూడోవారు ముప్పై నలభై సెకన్లు గడవకముందే "అది సరే, ఇదంతా నువ్వే చేశావా?" అని అడుగుతారు. అక్కడితో ముందుగా అనుకున్న వరుస తెగిపోతుంది. అందువల్ల వివరణను సిద్ధం చేసే విద్యార్థీ, గైడ్ టీచరూ మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. మాట మధ్యలో ఆగిపోయినా అప్పటికి చెప్పినది ప్రాజెక్టును నిలబెట్టగలిగేలా ఉండాలంటే, దేనితో మొదలుపెట్టాలి?

మన పాఠశాలల్లో వినబడే వివరణలు దాదాపు మూడు రకాలుగా ఉంటాయి. కొందరు సూత్రంతో మొదలుపెడతారు, కొందరు సమస్యతో, బహు కొద్దిమంది తాము చూసిన ఫలితంతో. ఈ మూడింటినీ ఒకే ప్రాజెక్టు మీద పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. అందుకు ఉన్నత పాఠశాల విద్యార్థి ఇంట్లో దొరికే వస్తువులతో చేయగలిగిన ప్రయోగాన్ని తీసుకుంటాను: బురద నీటిని పటికతోనూ, మునగ గింజలతోనూ, చిల్లగింజలతోనూ తేటపరచి, మూడింటినీ పోల్చడం.

ముందు ప్రయోగం ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి. బంకమట్టిని నీటిలో బాగా కలిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే ఇసుక, ముతక మట్టి అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలిన మసక నీటినే ప్రయోగానికి తీసుకోవాలి. ఎండిన మునగ గింజల రెక్కలు, పెంకు తీసివేసి లోపలి తెల్లని పప్పును మెత్తగా దంచి, కొద్దిపాటి మంచినీటిలో కలిపి, కొన్ని నిమిషాలు బాగా గిలకొట్టి, గుడ్డలో వడకట్టితే పాల వంటి ద్రవం వస్తుంది. దానిని మసక నీటిలో పోసి ఒక నిమిషం వేగంగా, ఆ తరువాత పది నిమిషాల వరకు చాలా నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. చిల్లగింజను రాతిపై కొద్ది నీటితో అరగదీసి ఆ గంధాన్ని కలుపుతారు. పూర్వం దీనినే కుండ లోపలి గోడకు రుద్ది నీళ్లు పోసేవారు. ఈ అలవాటు తెలిసిన పెద్దవారు న్యాయనిర్ణేతల్లో ఒకరైనా ఉంటే విద్యార్థికి మంచి శ్రోత దొరికినట్లే. పటికను పొడి చేసి, నీటిలో కరిగించి వాడతారు. ఇంకొక గ్లాసులో ఏమీ కలపరు. మిగిలిన మూడు గ్లాసులకు అర్థం వచ్చేది ఆ గ్లాసు వల్లనే, ఎందుకంటే మసక నీరు ఊరికే ఉంచినా కొంత తేరుకుంటుంది.

సూత్రంతో మొదలయ్యే వివరణ ఇలా ఉంటుంది: "మా ప్రాజెక్టు పేరు సహజ స్కందకాలతో నీటి శుద్ధి. స్కందనం అనగా నీటిలో అవలంబన స్థితిలో ఉన్న రేణువులను ఒకచోటికి చేర్చి అడుగుకు దించే ప్రక్రియ. దీనికి కావలసిన పరికరాలు..." ఈ వరుస పాఠ్యపుస్తకం నుంచీ రికార్డు పుస్తకం నుంచీ వచ్చింది. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం, ఉపయోగాలు అనే ఆ క్రమం రాతకు బాగానే సరిపోతుంది, చదివేవారు తమకు కావలసిన చోటికి కన్ను తిప్పుకోగలరు గనుక. వినేవారికి ఆ వెసులుబాటు లేదు. నలభై సెకన్ల దగ్గర మాట ఆగిపోతే న్యాయనిర్ణేత చెవిన పడింది ఒక నిర్వచనమూ, పరికరాల జాబితాలో సగమూ మాత్రమే. ఆ రెండూ ఆయనకు ముందే తెలుసు. అయినా ఈ తీరును పూర్తిగా తోసిపుచ్చలేము. ఒక సూత్రాన్ని చూపించడానికే తయారుచేసిన నమూనా అయితే, ఉదాహరణకు పాస్కల్ నియమాన్ని చూపే సిరంజిల హైడ్రాలిక్ లిఫ్టు అయితే, సూత్రమే ప్రాజెక్టు. దానితో మొదలుపెట్టడమే సబబు. అప్పుడు కూడా నిర్వచనం చదవడం కంటే సన్న సిరంజిని నొక్కి, లావు సిరంజి మీద ఉన్న బరువు లేవడం చూపిస్తూ చెప్పడం మేలు.

సమస్యతో మొదలయ్యే వివరణ: "వానాకాలంలో మా ఊరి చెరువు నీరు బురదగా మారుతుంది. ఆ నీటిని వాడుకోవడం కష్టమవుతుంది. అందుకే మేము ఇంటి పెరట్లో దొరికే గింజలతో నీటిని తేటపరచవచ్చునా అని చూశాము." ఇది మొదటిదాని కంటే ఎంతో నయం. విన్నవారికి ఈ పని ఎందుకు చేశారో వెంటనే తెలుస్తుంది, విద్యార్థి ఊరు కూడా ఆ బల్ల మీదికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఆలోచనలను కొత్తదనం, సమాజానికి పనికివచ్చే గుణం, పర్యావరణానికి హాని లేకపోవడం, వాడుకలో సులువు, ఇప్పటికే ఉన్న పద్ధతుల కంటే మెరుగుదనం అనే కోణాల నుంచి చూస్తారు. కాబట్టి అక్కడికి ఒక పరికరాన్ని తీసుకువెళ్లే విద్యార్థికి సమస్యతో మొదలుపెట్టడం సహజంగానే కలిసివస్తుంది. బాలల సైన్సు కాంగ్రెస్‌లో వలె స్థానిక సమస్య మీద సర్వే చేసిన ప్రాజెక్టుకూ ఇదే తగినది.

దీనిలో ఒక ప్రమాదం ఉంది. సమస్యను చెప్పడం సులువు గనుక అది పెరిగిపోతుంది. భూమి మీద నీరు ఎంత, అందులో మంచినీరు ఎంత శాతం అని మొదలుపెట్టిన విద్యార్థి నిమిషం గడిచేసరికి ఇంకా సముద్రాల దగ్గరే ఉంటాడు. నా అభిప్రాయంలో సమస్యకు రెండు వాక్యాలు చాలు, అవి కూడా విద్యార్థి కంటితో చూసిన చోటికి సంబంధించినవై ఉండాలి. పైగా, చెప్పిన సమస్యను ప్రయోగం నిజంగా తీరుస్తుందా అన్నది సరిచూసుకోవాలి. నల్గొండ జిల్లా విద్యార్థి ఫ్లోరైడ్ బాధితుల గురించి చెప్పి మునగ గింజల దగ్గరికి వస్తే మొదటి ప్రశ్నకే చిక్కుకుంటాడు. ఈ ప్రయోగం నీటిలో తేలాడే మట్టి రేణువులను దించుతుంది. నీటిలో కరిగిన ఫ్లోరైడ్ తగ్గిందని మసక తగ్గడాన్ని చూసి చెప్పడానికి వీలులేదు. ఫ్లోరైడ్ కోసం పటికతో పాటు సున్నం వాడే నల్గొండ పద్ధతి వేరే ఉంది, దానిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది.

పోల్చి కొలిచే ప్రాజెక్టుకు మూడో తీరునే నేను సూచిస్తాను. ఇందులో మొదటి వాక్యం బల్ల మీద కనబడుతున్న వస్తువు గురించి, దాని వెంటనే వచ్చే వాక్యాలు విద్యార్థి తానుగా చేసి కొలిచిన దాని గురించి ఉంటాయి. కారణం, అవసరం, పరిమితి ఆ తరువాతే వస్తాయి. పూర్తి వివరణ ఎలా ఉంటుందో కింద రాస్తున్నాను. ఇందులోని అంకెలు నమూనా కోసం పెట్టినవి. ఎవరి అంకెలు వారు కొలుచుకొని చెప్పవలసిందే.

"నమస్కారం సార్, నమస్కారం మేడమ్. ఈ నాలుగు గ్లాసుల్లో గంట క్రితం ఒకే బురద నీరు పోశాను. మొదటి దాంట్లో ఏమీ కలపలేదు. రెండో దాంట్లో పటిక, మూడో దాంట్లో మునగ గింజల రసం, నాలుగో దాంట్లో చిల్లగింజ గంధం కలిపాను. నీరు ఎంత తేటపడిందో ఈ గొట్టంతో కొలిచాను. దీని అడుగున నల్లని ఇంటూ గుర్తు ఉంది. పైనుంచి చూస్తూ నీరు పోస్తే ఒక ఎత్తు దగ్గర గుర్తు కనబడకుండా పోతుంది. ఎత్తు ఎక్కువ వస్తే నీరు ఎక్కువ తేటగా ఉన్నట్టు. ఏమీ కలపని నీటికి 11 సెంటీమీటర్లు వచ్చింది. పటికకు 42, మునగకు 35, చిల్లగింజకు 24. ఒక్కొక్కటి మూడుసార్లు చేసి సగటు తీశాను.

"బంకమట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, అందుకే త్వరగా అడుగుకు దిగవు. మునగ గింజలో ధనావేశం ఉన్న ప్రోటీను ఉంటుంది. అది ఆ రేణువులను కలిపి ముద్దలుగా చేస్తుంది. ముద్దలు బరువుగా ఉంటాయి కాబట్టి కిందికి దిగుతాయి.

"పటికే బాగా పనిచేసింది. అయినా మునగను ఎందుకు చూశానంటే, పటిక కొనుక్కోవాలి, మునగ చెట్టు మా వీధిలో చాలా ఇళ్లలో ఉంది. ముదిరి ఎండిపోయిన కాయల గింజలు ఊరికే పారేస్తున్నారు. కానీ ఈ నీరు తేటగా ఉన్నంత మాత్రాన తాగడానికి పనికిరాదు, సూక్ష్మజీవులు పూర్తిగా పోవు, కాచుకోవాలి. గింజల పదార్థం కొంత నీటిలో మిగులుతుంది కాబట్టి ఎక్కువ కాలం నిలవ ఉంచితే వాసన వస్తుంది. లీటరుకు ఎన్ని గింజలు వేస్తే బాగుంటుందో ఇప్పుడు చూస్తున్నాను."

ఇది నిదానంగా, చేత్తో గ్లాసులను చూపుతూ చెబితే రెండు నిమిషాలలోపే ముగుస్తుంది. దీనిని ఎక్కడ తెంచి చూసినా ఏదో ఒకటి మిగులుతుంది. మొదటి పేరా మధ్యలో ఆపినా నాలుగు గ్లాసులు, వాటిలో ఒకటి పోలిక కోసం ఉంచినది అన్న సంగతి న్యాయనిర్ణేతకు తెలిసిపోయింది. మొదటి పేరా చివర ఆపితే కొలత, అంకెలు, మూడుసార్లు చేసిన విషయం తెలిసిపోయాయి, "నువ్వే చేశావా?" అనే ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉంది. సూత్రం రెండో పేరాకు జరిగినంత మాత్రాన దాని విలువ తగ్గలేదు. తేడాను కళ్లతో చూసిన తరువాత కారణం చెబితే వినే ఆసక్తి అప్పటికే పుట్టి ఉంటుంది. స్కందనం అనే మాట ఇక్కడ రాలేదు. న్యాయనిర్ణేత ఆ మాట అడిగితే విద్యార్థి చెప్పగలిగితే చాలు, తానుగా ముందుకు తోయనక్కరలేదు.

పటికకే ఎక్కువ అంకె వచ్చిందని ఒప్పుకోవడం కొందరు గైడ్ టీచర్లకు నచ్చకపోవచ్చు. తమ ప్రాజెక్టు గెలవాలన్న తపనతో మునగే మేలని చెప్పిస్తారు. న్యాయనిర్ణేత గ్లాసులను చూస్తూనే ఉంటారు. పటిక గ్లాసు మరింత తేటగా కనబడుతుంటే విద్యార్థి మాట అక్కడే వీగిపోతుంది. కొలిచినది కొలిచినట్టు చెప్పి, ఆ తరువాత మునగకు ఉన్న అనుకూలతను చెప్పిన విద్యార్థి మీద నమ్మకం పెరుగుతుంది.

తరువాతి ఎంపిక, ప్రయోగాన్ని అక్కడే చేసి చూపాలా, ముందే సిద్ధం చేసి ఉంచాలా అన్నది. కెమిస్ట్రీ ప్రయోగాల్లో రంగు మారేవి ఉంటాయి, వాటిని రెండు నిమిషాల్లో హాయిగా చూపవచ్చు. ఈ ప్రయోగం గంట తీసుకుంటుంది కాబట్టి పూర్తిగా చేసి చూపడం కుదరదు. పూర్తిగా సిద్ధం చేసి ఉంచితే ఇంకో చిక్కు: ఆ గ్లాసులో మొదట ఉన్నది బురద నీరేనని నమ్మడానికి ఆధారం ఏదీ? ఈ రెండింటికీ మధ్య మార్గం ఉంది. గంట క్రితం మొదలుపెట్టిన నాలుగు గ్లాసులతో పాటు, పావుగంట క్రితం మునగ రసం కలిపిన ఐదో గ్లాసును పక్కన పెట్టాలి. అందులో ముద్దలు ఏర్పడి నెమ్మదిగా దిగుతూ ఉంటాయి. పక్కనుంచి టార్చి వెలుతురు వేస్తే అవి తేలిగ్గా కనబడతాయి. ఒక సీసాలో కలపని బురద నీరు కూడా ఉంచుకుంటే న్యాయనిర్ణేత అడిగినప్పుడు పోసి చూపవచ్చు.

సిద్ధంగా ఉంచిన గ్లాసులకు శత్రువు బల్ల. ఎవరైనా ఆనుకుంటే చాలు, అడుగున చేరిన మెత్తని ముద్దలు లేచి నీరు మళ్లీ మసకబారుతుంది. గ్లాసులను బల్ల అంచున కాకుండా గోడవైపు, విడిగా ఉన్న పలక మీద పెట్టడం మంచిది. న్యాయనిర్ణేతలు ఎప్పుడు వస్తారో తెలియదు గనుక ఉదయం ఒక జత, మధ్యాహ్నానికి ఒక జత చొప్పున ప్రయోగాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ముందురోజు రాత్రి చేసిన గ్లాసులను తేవడం పనికిరాదు. అంతసేపట్లో ఏమీ కలపని నీరు కూడా చాలావరకు తేరుకొని తేడా తగ్గిపోతుంది, మునగ గ్లాసు వాసన వేయడం మొదలుపెడుతుంది. తేడా సరిగా కనబడకపోతే మొదట అనుమానించవలసింది గింజల పరిమాణాన్ని. తక్కువైతే రేణువులు కలవవు. ఎక్కువైతే మిగిలిన ప్రోటీను వల్ల రేణువులు ధనావేశం పొంది మళ్లీ విడిపోతాయి, గింజల పాలతో నీరే తెల్లబడుతుంది. ఇసుక మట్టితో చేసినవారికి నాలుగు గ్లాసులూ ఒకేలా తేరుకోవడం కూడా మామూలే.

కంఠస్థం చేయాలా, అంశాలు గుర్తుపెట్టుకొని మాట్లాడాలా అన్న దానిపై ఉపాధ్యాయుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కంఠస్థం చేసిన విద్యార్థికి బెరుకు తక్కువ, సమయం తప్పదు. అయితే ఒక్క ప్రశ్న అడ్డం వస్తే పద్యం మధ్యలో తప్పినవాడిలా మళ్లీ మొదటికి వెళ్లవలసి వస్తుంది. కన్ను గ్లాసుల మీద కాక ఎదురు గోడ మీద నిలిచిపోవడమూ, "చిల్లగింజకు ఎంత వచ్చింది?" అంటే పెదవులు కదుపుతూ లోలోపల వాక్యాలన్నీ దాటుకుంటూ పోవడమూ దీని గుర్తులు. అంశాలు మాత్రమే పెట్టుకున్న విద్యార్థి ప్రశ్నకు జవాబిచ్చి తిరిగి అందుకోగలడు గాని, మొదటి వాక్యం దగ్గర తడబడతాడు, చివర ఎక్కడ ఆపాలో తెలియక సాగదీస్తాడు. నేనైతే మొదటి రెండు వాక్యాలు, నాలుగు అంకెలు, చివరి వాక్యం మాత్రం అక్షరం తప్పకుండా నేర్పి, మధ్యభాగాన్ని గ్లాసులకే వదిలేస్తాను. గ్లాసు మీద చేయి పెడితే దాని గురించిన మాట దానంతట వస్తుంది. సాధనలో ఇంకో పని కూడా చేయించాలి: ఇంట్లో ఎవరినైనా ఎక్కడ పడితే అక్కడ ప్రశ్న అడగమని చెప్పి, జవాబు తరువాత ఆగిన చోటు నుంచే కొనసాగించమనాలి.

భాష విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. విద్యార్థి ఏ భాషలో ప్రశ్నకు తడుముకోకుండా జవాబివ్వగలడో ఆ భాషలోనే వివరణ ఉండాలి. ఇంగ్లీషు మాధ్యమం విద్యార్థులు "గుడ్ మార్నింగ్ సార్, మై నేమ్ ఈజ్" అని మొదలుపెట్టి, మొదటి ప్రశ్నకే తెలుగులోకి వస్తే తప్పేమీ లేదు గాని, రెండింటి మధ్య ధోరణిలో తేడా మరీ ఎక్కువగా ఉంటే మొదటిది ఎవరో రాసిచ్చారని తెలిసిపోతుంది. ఇద్దరు విద్యార్థులు కలిసి చేసిన ప్రాజెక్టు అయితే వాక్యాలను చెరిసగం పంచుకోవడం కంటే ఒకరు మాట్లాడి, ఇంకొకరు గొట్టంలో నీరు పోసి కొలిచి చూపడం సులువు. ప్రశ్నలకు మాత్రం ఇద్దరూ సిద్ధంగా ఉండాలి.

చివరి వాక్యానికి కూడా రెండు మూడు దారులు ఉన్నాయి. ఎక్కువమంది "నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని ముగిస్తారు. మర్యాదకు లోటు లేదు, కాని న్యాయనిర్ణేతకు అడగడానికి ఏమీ దొరకదు. అప్పుడు ఆయన తనకు తోచిన ప్రశ్న వేస్తారు. కొందరు "ఈ పద్ధతిని ఊరంతా వాడితే నీటి సమస్య తీరుతుంది" అంటారు, అది నాలుగు గ్లాసులు మోయలేని మాట. పైన ఇచ్చిన వివరణ పరిమితితోనూ, ఇంకా చేస్తున్న పనితోనూ ఆగింది. దాని తరువాత వచ్చే ప్రశ్న సాధారణంగా "లీటరుకు ఎన్ని గింజలు వేశావు?" అనో, "తాగడానికి పనికివస్తుందా?" అనో ఉంటుంది, రెండూ విద్యార్థి ముందుగానే సిద్ధపడగలిగినవి. రెండో ప్రశ్నకు జవాబు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 మసకకు, దానిని కొలిచే యూనిటైన ఎన్.టి.యు.లో, 1ని ఆమోదయోగ్యమైన పరిమితిగానూ, వేరే నీటి వనరు లేనప్పుడు 5 వరకు అనుమతించదగినదిగానూ చెబుతుంది. ఇంట్లో తయారుచేసుకున్న గొట్టం అంత సన్నని తేడాలను పట్టలేదు. అందుచేత "ప్రమాణానికి సరిపోతుంది" అనకుండా, "మా గొట్టంతో అంత తక్కువ మసకను కొలవలేము సార్, ఏ గింజ ఎక్కువ తేటపరిచిందో పోల్చడానికే ఇది పనికివస్తుంది" అని చెప్పడం సరైన జవాబు. ఆ జవాబు చెబుతూ గొట్టాన్ని న్యాయనిర్ణేత చేతికి ఇచ్చి, ఐదో గ్లాసులోని నీటిని ఆయననే పోసి చూడమనవచ్చు.